పెళ్లికి వారం ముందు జాబితా: ఇంకా జవాబు రాని అతిథులు, ఖరారు చేసుకోవాల్సిన వెండర్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లికి సరిగ్గా వారం ఉందనగా జాబితా ముందేసుకుని కూర్చునేవాళ్ల కోసం ఈ పేజీ. ఆ రోజు చేతిలో రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి, వస్తారో రారో ఇంకా చెప్పని అతిథులది. రెండోది, అడ్వాన్స్ తీసుకున్నా చివరి మాట చెప్పాల్సి ఉన్న వెండర్లది. మొదటి జాబితాలోంచి ఒక సంఖ్య తేలితే తప్ప రెండోది కదలదు. అందుకే ఇక్కడ ప్రశ్నలూ ఆ వరసలోనే ఉన్నాయి. ఉదాహరణలు సులువుగా ఉండటానికి పెళ్లి ఆదివారం ఉదయం 11 గంటలకనీ, జాబితా చూసేది అంతకు ముందు ఆదివారమనీ అనుకుందాం.

వారం ముందు కూర్చున్నప్పుడు మొట్టమొదట ఏం చూడాలి?

అతిథుల జాబితా కాదు. కేటరింగ్ వాళ్లతో రాసుకున్న ఒప్పందం తీసి, చివరి లెక్క ఎప్పటిలోగా ఇవ్వాలని ఉందో చూడండి. కొందరు 3 రోజుల ముందు అడుగుతారు, కొందరు వారం ముందే అడుగుతారు, ఇంకా ముందు అడిగేవాళ్లూ ఉన్నారు. గడువు వారం అయితే మీకు ఈ రోజే ఆఖరు. 72 గంటలు అయితే గురువారం ఉదయం 11 దాకా సమయం ఉంది. మీరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలన్నది ఆ గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుంటేనే తెలుస్తుంది.

అదే కాగితంలో ఇంకొక వాక్యం వెతకండి. ఇచ్చిన లెక్కను తర్వాత మార్చుకోవచ్చా అన్నది. ఎక్కువ ఒప్పందాల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది: గడువు దాటాక సంఖ్యను పెంచుకోనిస్తారు, తగ్గించుకోనివ్వరు. 240 అని చెప్పి 215 మందే వచ్చినా 240 మందికి డబ్బు కట్టాలి. 231 అని చెప్పి, మర్నాడు ఇంకో తొమ్మిది కలపమంటే మాత్రం చాలామంది సరేనంటారు. ఎంత వరకు, ఎప్పటి దాకా పెంచుకోవచ్చో మీ ఒప్పందంలో లేకపోతే ఈ రోజే అడిగి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. వారమంతా మీరు తీసుకునే నిర్ణయాలు ఈ ఒక్క షరతు మీద ఆధారపడతాయి.

వచ్చిన జవాబులు లెక్కపెడితే ప్రతిసారీ వేరే సంఖ్య వస్తోంది. ఎందుకు?

చాలాసార్లు కారణం ఒకటే. ఒకచోట ఆహ్వానాలను లెక్కపెడుతున్నారు, ఇంకోచోట మనుషులను లెక్కపెడుతున్నారు. ‘ఇంకా 19 రావాలి’ అని ఒకరంటే అవి 19 ఇళ్లు. ఆ ఇళ్లలో 48 మంది ఉండొచ్చు. భోజనానికైనా కుర్చీలకైనా కావాల్సింది మనుషుల సంఖ్యే.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో వరస పెట్టండి. మొదటి నిలువు గడిలో పేరు, రెండో దాంట్లో పిలిచిన మనుషులు, మూడో దాంట్లో వచ్చేవాళ్లు, నాలుగో దాంట్లో స్థితి. పిలిచిన సంఖ్య, వచ్చే సంఖ్య వేరువేరుగా ఉండాలి. నలుగురిని పిలిస్తే ఇద్దరే వస్తామన్నప్పుడు పాత సంఖ్య చెరిపేస్తే తర్వాత ఏదీ సరిచూసుకోలేరు. స్థితికి మూడే మాటలు వాడండి: ‘వస్తారు’, ‘రారు’, ‘తెలియదు’. ‘బహుశా’, ‘దాదాపు ఖాయం’ లాంటి నాలుగో మాటను రానివ్వకండి. అలాంటివన్నీ ‘తెలియదు’లోకే వెళ్లాలి. రంగులు వేసి గుర్తుపెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. చూడటానికి బాగుంటుంది కానీ మామూలు ఫార్ములాలు రంగులను లెక్కపెట్టలేవు.

వచ్చేవాళ్లెందరో, ఇంకా తెలియనివాళ్లెందరో ఇలా తేలుతుంది:

```
=SUMIF(D2:D130,"వస్తారు",C2:C130)
=SUMIF(D2:D130,"తెలియదు",B2:B130)
```

ఇక్కడ COUNTIF వాడితే ఇళ్ల సంఖ్య వస్తుంది, మనుషులది రాదు. స్థితి మాట చివర పొరపాటున ఒక ఖాళీ టైప్ అయినా ఆ వరస లెక్కలోంచి జారిపోతుంది. కాబట్టి ఆ గడిలో చేత్తో టైప్ చేయకుండా, ఎంచుకునే జాబితా పెట్టుకోండి. సరిచూసుకోవడం తేలికే. వచ్చేవాళ్లు, రానివాళ్లు, తెలియనివాళ్లు, ఈ మూడూ కలిపితే పిలిచిన మొత్తం రావాలి. రాకపోతే ఎక్కడో ఒక ఇల్లు రెండుసార్లు పడింది, లేదా ఒక ఇంట్లో కొందరే వస్తామన్నప్పుడు మిగిలినవాళ్లను ‘రారు’లో వేయడం మరిచారు. ఆ ఇంటికి రెండు వరసలు పెట్టేస్తే చిక్కు తీరిపోతుంది.

ఈ పేజీలో మిగతా జవాబులకు ఒక ఉదాహరణ పట్టుకుందాం. పిలిచింది 300 మందిని. వస్తామన్నవాళ్లు 214, రామన్నవాళ్లు 38. ఏమీ చెప్పనివాళ్లు 19 ఇళ్లలో 48 మంది.

జవాబు ఇవ్వనివాళ్లను మళ్లీ అడగడం మొహమాటంగా ఉంది. ఎలా అడిగితే బాగుంటుంది?

‘వస్తున్నారా, లేదా?’ అని అడగబట్టే మొహమాటం. అవతలివాళ్లకు అది నిలదీసినట్టు వినిపిస్తుంది, ‘అయ్యో, రాకుండా ఎలా ఉంటాం’ అనేస్తారు. ఆ మాటతో మీ లెక్క తేలదు. అదే గడువు ముందు చెప్పి సంఖ్య అడిగితే సంభాషణ వేరుగా నడుస్తుంది:

‘బాబాయ్, గురువారం పొద్దున భోజనాల లెక్క ఇచ్చేయాలి. మీ ఇంటి నుంచి ఎంతమందిని రాసుకోమంటారు?’

ఇందులో నిలదీత లేదు. గడువు ఎవరికోసమో వాళ్లకు అర్థమవుతుంది. ‘ఎంతమంది’ అన్నదానికి జవాబు సంఖ్యే అవుతుంది కాబట్టి ‘నేనొక్కణ్ణే రాసుకో, పిల్లలకు పరీక్షలు’ అని అసలు సంగతి బయటికొస్తుంది. రాలేనివాళ్లకు దారి కూడా మీరే ఇవ్వాలి. ‘ఇబ్బందైతే పర్లేదు, ఇప్పుడే చెప్పేయండి, ఏమీ అనుకోం’ అన్న ఒక్క మాట చాలు. కాదని చెప్పడానికి సంకోచించి నెల రోజులుగా మౌనంగా ఉన్నవాళ్లు ఆ మాటతో తేలికపడతారు.

గ్రూపులో అందరికీ కలిపి పెట్టే మెసేజ్ ఈ దశలో పనికిరాదు. అది ఇంకెవరికో అనుకుని ప్రతి ఒక్కరూ వదిలేస్తారు. ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేయాలి. ఫోన్లు పెళ్లికూతురో పెళ్లికొడుకో చేయనక్కర్లేదు, చేయకపోవడమే మంచిది. ఆ పిలుపు అరగంట ముచ్చటగా మారుతుంది, పైగా వాళ్లతో కాదని చెప్పడం ఎవరికైనా కష్టం. ఏ ఇంటితో ఎవరికి చనువుందో చూసి, 19 ఇళ్లను ముగ్గురు నలుగురికి పంచండి. ఎవరికి ఏ ఇళ్లు ఇచ్చారో జాబితాలో రాయండి. లేకపోతే ఒకే ఇంటికి రెండు ఫోన్లు వెళ్లి, మరో ఇంటికి ఒక్కటీ వెళ్లదు.

సోమ, మంగళవారాల సాయంత్రాలు ఈ పనికి సరిపోతాయి. ఫోన్ పెట్టేసిన వెంటనే ‘సరే, ముగ్గురిని రాసుకున్నాం’ అని చిన్న మెసేజ్ పంపమనండి. తప్పుగా విని ఉంటే అక్కడే సరిదిద్దుతారు.

‘చూస్తాం’, ‘ప్రయత్నిస్తాం’ అన్నవాళ్లను ఏ లెక్కలో వేయాలి?

ఆ మాట కంటే వాళ్ల ప్రయాణాన్ని చూడండి. రైలో విమానమో ఎక్కి, రాత్రి బస చేసి రావాల్సినవాళ్లు వారం ముందు కూడా టికెట్ తీసుకోలేదంటే రావడం అనుమానమే. ‘టికెట్ దొరికిందా? బస మేం చూడాలా?’ అని అడిగితే నిజం తెలిసిపోతుంది. గంటలోపు దూరంలో ఉన్నవాళ్లు ‘చూస్తాం’ అంటే సంగతి వేరు. వాళ్లకు ముందే ఏర్పాటు చేసుకోవాల్సిన పని లేదు, ఆ పొద్దున నిర్ణయించుకుని కూడా రాగలరు. నా మట్టుకు నేను వాళ్లను సగం లెక్కేస్తాను. అది కచ్చితమైన సూత్రమేం కాదు. కానీ అందరినీ కలిపేయడం, అందరినీ కొట్టేయడం రెండింటికన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది.

కొందరు అసలు ఫోనే ఎత్తడం లేదు. చివరి సంఖ్య ఎలా తేల్చాలి?

మన ఉదాహరణనే చివరిదాకా చేద్దాం. మంగళవారం రాత్రికి 19 ఇళ్లలో 11 ఇళ్ల నుంచి స్పష్టమైన జవాబు వచ్చింది. ఆ ఇళ్లలో ఉన్నది 29 మంది, 17 మంది వస్తారు, 12 మంది రారు. మిగిలినవి 8 ఇళ్లు, 19 మంది.

ఆ 8 ఇళ్లలో మూడు ఇళ్లవాళ్లు ‘చూస్తాం’ అన్నారు. 8 మంది, అందరూ దగ్గరలోనే ఉంటారు. సగం అంటే 4. మిగతా ఐదు ఇళ్లవాళ్లు దొరకనే లేదు. వాటిలో రెండు ఇళ్లు బాగా దగ్గరివాళ్లవి, ఊళ్లోనే ఉన్నారు. జవాబు ఇవ్వాలన్న ఆలోచనే వాళ్లకు వచ్చి ఉండదు, మన ఇంటి పెళ్లికి మనం చెప్పాలా అనుకుంటారు. ఆ 5 మందినీ పూర్తిగా కలపాలి. చివరి మూడు ఇళ్లు దూరాన ఉన్న పరిచయస్తులవి, 6 మంది. ఆహ్వానానికీ, రెండు ఫోన్లకూ, ఒక మెసేజ్‌కూ జవాబు లేదు. వాళ్లను సున్నా వేయాలి. ఇలా 19 మందిలో 9 మందిని లెక్కలోకి తీసుకున్నాం.

ఇప్పుడు రెండు సంఖ్యలు చేతికొచ్చాయి. నోటితో చెప్పినవాళ్లు 214, 17 కలిపి 231. అంచనా వేసినవాళ్లు 9. మొత్తం 240. ఈ రెండింటినీ కలిపేయకుండా విడిగా ఉంచుకోవడమే ఇందులో ముఖ్యం. పెంచుకోవచ్చు, తగ్గించుకోకూడదు అన్న షరతు ఉంటే గురువారం ఉదయం 231 ఇచ్చి, శుక్రవారం సాయంత్రం దాకా 9 వరకు కలపవచ్చని రాయించుకోండి. ఆ రెండు రోజుల్లో ‘చూస్తాం’ అన్న ఇళ్లకు ఇంకొకసారి ఫోన్ చేయవచ్చు. గడువు తర్వాత ఏమీ మార్చనివ్వమంటే మాత్రం 240 ఇవ్వాలి. వచ్చిన అతిథికి భోజనం లేకపోవడం కంటే తొమ్మిది భోజనాల ఖర్చు భరించడం నయం.

ఎందుకైనా మంచిదని పది శాతం కలపమంటున్నారు. కలపాలా?

ముందు కేటరింగ్ వాళ్లను ఒక ప్రశ్న అడగండి: ‘మేం చెప్పిన సంఖ్యకే వండుతారా, పైన ఎంతో కొంత వేసుకుంటారా?’ చాలామంది తమంతట తాముగా కొంత ఎక్కువే వండుతారు. అది తెలియకపోతే ఏమవుతుందో చూడండి. జాబితా రాసేవారు 240ని 250 చేస్తారు. ఫోన్ చేసి చెప్పేవారు ‘ఎందుకైనా మంచిది’ అని 275 అంటారు. వండేవారు తమ వంతు ఐదు శాతం కలిపితే సుమారు 289 అవుతుంది. దాదాపు యాభై మంది భోజనం మిగిలిపోతుంది, దాంట్లో చాలా భాగానికి మీరు డబ్బు కట్టి ఉంటారు.

కలపడం తప్పు కాదు. ఒక్కచోటే కలపాలి, ఎవరు ఎంత కలిపారో అందరికీ తెలియాలి. వండేవారు ఐదు శాతం చూసుకుంటామని స్పష్టంగా చెబితే మీ సంఖ్య మీద ఏమీ కలపకండి. మరొకటి, వస్తామన్నవాళ్లలోనూ కొందరు ఆఖరి నిమిషంలో ఒంట్లో బాగాలేకనో పని పడో ఆగిపోతారు. పిలవకుండా వచ్చే ఒకరిద్దరి చోటు తరచూ అక్కడే సర్దుకుంటుంది.

‘మాతో ఇంకో ఇద్దరు వస్తారు’ అంటే ఏం చెప్పాలి?

లెక్క ఇచ్చేలోగా అడిగితే చోటును బట్టి నిర్ణయించుకోండి. హాలుకు అనుమతించిన గరిష్ఠ సంఖ్య ఎంతో తెలిస్తే జవాబు సులువవుతుంది, ఎందుకంటే అది భద్రత కోసం పెట్టిన పరిమితి. ‘హాల్లో ఇంతమందికే అనుమతి ఉంది వదినా, ఎవరైనా రాకపోతే శుక్రవారం నేనే ఫోన్ చేస్తాను’ అనవచ్చు. అలా అంటే శుక్రవారం ఫోన్ చేసి తీరాలి.

పిల్లలనూ, పనిమీద వచ్చేవాళ్లనూ ఇదే సంఖ్యలో కలపాలా?

వచ్చేవాళ్ల మొత్తంలో పిల్లలు ఉండాలి, పక్కన విడిగా కూడా రాయాలి. చిన్నపిల్లలకు కొందరు కేటరింగ్ వాళ్లు తక్కువ తీసుకుంటారు, కొందరు ఒక వయసులోపు వాళ్లకు అసలు తీసుకోరు. ఏ వయసు దాకా అన్నది ఒప్పందంలో చూడాలి. ఒళ్లో కూర్చునే పసివాళ్లకు కుర్చీ అక్కర్లేదు కానీ ఆరేళ్ల పిల్లకు కావాలి. అందుకే భోజనాల లెక్కా కుర్చీల లెక్కా ఒకటి కావు.

ఎక్కువమంది మరిచిపోయేది పనిచేసేవాళ్ల భోజనం. ఫోటో, వీడియో వాళ్లు నలుగురు, సంగీతం, సౌండ్ వాళ్లు ఐదుగురు, డెకరేషన్ దగ్గర ఉండిపోయేవాళ్లు ముగ్గురు, మొత్తం 12 మంది అనుకోండి. పొద్దున్నుంచి నిలబడి పనిచేసేవాళ్లు వాళ్లు. కొన్ని ఒప్పందాల్లో భోజనం పెట్టాలని రాసే ఉంటుంది. లేకపోయినా పెట్టాలి. ఈ 12 మందిని అతిథుల లెక్కలో కలపకుండా ‘సిబ్బందికి 12’ అని విడిగా చెప్పండి, ఎక్కడ, ఎన్నింటికి పెడతారో కూడా అడగండి. అతిథులందరూ తిన్నాక పెడతామంటే ఫోటోగ్రాఫర్ తినే సమయానికి ముఖ్యమైన ఘట్టం వచ్చి పడుతుంది. అతిథులు భోజనం చేస్తున్నప్పుడే వాళ్లకూ పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. తినేవాళ్లను ఫోటో తీయించుకోవాలని పెద్దగా ఎవరూ కోరుకోరు కూడా.

ఎవరికైనా ఫలానా పదార్థం పడదని ముందే చెప్పి ఉంటే, ఆ పేరూ కూర్చునే చోటూ కలిపి రాసి ఇవ్వండి. ‘ఇద్దరికి పడదు’ అన్న సమాచారంతో వడ్డించే మనిషి ఏమీ చేయలేడు.

వెండర్లందరికీ అడ్వాన్స్ ఇచ్చాం. మళ్లీ ఫోన్ చేసి ఖరారు చేసుకోవాలా?

చేసుకోవాలి. మీరు మాట్లాడుకుని నెలలు గడిచి ఉంటాయి. వాళ్ల డైరీలో తేదీ ఉంటుంది కానీ, మధ్యలో మీరు మార్చిన సమయం, రెండో గేటు సంగతి, పెరిగిన బల్లలు ఉండకపోవచ్చు. మీతో మాట్లాడిన మనిషి, ఆ రోజు వచ్చే మనిషి ఒకరే కాకపోవచ్చు.

ఎలా అడుగుతారన్నది ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది. ‘ఆదివారం వస్తున్నారు కదా?’ అంటే ‘వస్తున్నామండీ’ అంటారు. మీకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. వివరం వాళ్ల నోటితోనే చెప్పించండి. ‘ఆదివారం మీ బండి ఎన్నింటికి బయల్దేరుతుంది? ఎక్కడికి వస్తుంది?’ అని అడిగితే వాళ్లు డైరీ తీసి చూస్తారు. ‘పదింటికల్లా వచ్చేస్తాం’ అని వినిపిస్తే, పదింటికి అతిథులే వస్తారన్న సంగతి వాళ్లకు తెలియదని మీకు వారం ముందే అర్థమవుతుంది.

ప్రతి వెండర్ దగ్గరా తెలుసుకోవాల్సినవి తక్కువే. హాలుకు చేరే సమయం, పని పూర్తయ్యే సమయం, ఆ రోజు వచ్చే మనిషి పేరు, అతని సొంత నంబరు, వాళ్లకు హాలు నుంచి కావాల్సింది ఏమిటి, ఇంకా ఇవ్వాల్సిన డబ్బు ఎంత. ఆఫీసు నంబరుతో సరిపెట్టుకోకండి, ఆదివారం తెల్లవారుజామున ఆఫీసులో ఎవరూ ఉండరు. మాట్లాడాక ఇవన్నీ ఒకే మెసేజ్‌లో రాసి పంపి, ‘సరిగానే ఉందా?’ అని అడగండి. ఆ మెసేజ్‌కు జవాబు వచ్చాకే జాబితాలో ఖరారైనట్టు గుర్తు పెట్టాలి. రెండు నీలం టిక్కులు కనిపించాయంటే చూశారని మాత్రమే అర్థం, ఒప్పుకున్నారని కాదు.

అందరూ సరేనన్నారు. అయినా ఏదైనా తప్పే అవకాశం ఉందా?

ఉంది. విడివిడిగా చూస్తే అందరి సమయాలూ బాగానే ఉంటాయి, పక్కపక్కన పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఫోన్లన్నీ అయ్యాక ఆ రోజు గంటలను నిలువుగా రాసి, ఎవరి సమయం ఎక్కడ పడుతుందో గుర్తించండి. ఈ వారంలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వమనేది ఈ పనికే.

ఒక ఉదాహరణ. హాలువాళ్లు ఆదివారం ఉదయం 6కు తాళం ఇస్తామన్నారు, శనివారం రాత్రి అక్కడ వేరే కార్యక్రమం ఉంది. డెకరేషన్ వాళ్లకు 5 గంటల పని. సౌండ్ వాళ్లకు గంటన్నర కావాలి, కానీ స్టేజీ నిలబడ్డాకే వైర్లు లాగగలరు. ఫోటోగ్రాఫర్ ఖాళీ హాలును 9:30కు తీయాలనుకుంటున్నారు. అతిథులు 10కి వస్తారు. ఎవరినడిగినా ‘మాకు ఏ సమస్యా లేదు’ అనే అంటారు. కాగితం మీద పెడితే డెకరేషన్ పూర్తయ్యేది 11కు, అంటే పెళ్లి మొదలయ్యే గంటకు.

వారం ముందు తెలిస్తే దారులున్నాయి. మొదట హాలును అడగాలి, శనివారం కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుంది, తెల్లవారుజామున లోపలికి రానిస్తారా అని. వీలుకాదంటే డెకరేషన్ వాళ్లతో మాట్లాడాలి. పూల పని, స్టేజీ వెనక పలకల పని శనివారమే తమ దగ్గర పూర్తి చేసి, హాల్లో బిగించడం మాత్రమే మిగుల్చుకుంటే, ఇంకొందరు మనుషులను పెట్టుకుంటే 5 గంటల పని 3 గంటల్లో అవుతుందా? అవుతుందంటే 6కు మొదలై 9కి ముగుస్తుంది. ముందు స్టేజీ నిలబెట్టి 7:30కు అప్పగిస్తే సౌండ్ వాళ్లు అప్పుడే మొదలుపెట్టి 9కి ముగిస్తారు. ఫోటోగ్రాఫర్ సమయం మారనక్కర్లేదు. అదనపు మనుషులకు అదనపు డబ్బు అడుగుతారు, ఎంతో ఇప్పుడే తేల్చుకుని రాయించుకోండి. చివరగా, సామాను బండి లోపలికి రావడానికి ఏ గేటు, దాన్ని ఎవరు తీస్తారన్నది హాలు నుంచి మెసేజ్‌లో తీసుకోవాలి. 6కు తాళం ఇవ్వడమంటే వాళ్ల దృష్టిలో ముందు తలుపు తీయడమే కావొచ్చు.

ఇదే సమస్య శనివారం సాయంత్రం తెలిసి ఉంటే మిగిలేది ఒక్కటే, సగం అలంకరణతో పెళ్లి మొదలుపెట్టడం.

ఒక వెండర్ ఫోన్ ఎత్తడం లేదు. ఎప్పుడు కంగారు పడాలి?

ఒక రోజు దాకా పడొద్దు. వారాంతంలో వాళ్లు వేరే పెళ్లిలో పనిమీద ఉంటారు. ఫోన్‌తో పాటు మెసేజ్ పెట్టండి, అందులో జవాబు ఎప్పటిలోగా కావాలో రాయండి. 24 గంటలు దాటితే ఒప్పందంలో ఉన్న ఇంకో నంబరుకో ఆఫీసుకో ప్రయత్నించండి. అప్పటికీ దొరక్కపోతే మీ మిగతా వెండర్లను అడగండి. ఫోటోగ్రాఫర్లు, డెకరేషన్ వాళ్లు, హాలు మేనేజర్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు. ‘నిన్ననే ఫలానా చోట కలిశాం’ అన్న మాట వినిపిస్తే సగం బరువు దిగినట్టే.

48 గంటలైనా ఏ జాడా లేకపోతే ప్రత్యామ్నాయం వెతకడం మొదలుపెట్టాలి. వెతకడం అంటే పాతవారిని రద్దు చేయడం కాదు. ‘ఆ ఆదివారం ఖాళీగా ఉన్నారా, ఎప్పటిలోగా చెప్పాలి?’ అని ఇద్దరిని అడిగి ఉంచుకోవడం. బుధవారానికి ఈ పని మొదలైతే మనిషి దొరుకుతాడు.

జవాబు ఇచ్చినా అనుమానించాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. వచ్చే మనిషి పేరు చెప్పలేకపోవడం, ఒప్పందంలో లేకుండా మిగతా డబ్బంతా ముందే పంపమనడం, చేరే సమయం అడిగిన ప్రతిసారీ మాట మార్చడం. వీటిలో రెండు కలిసి కనిపిస్తే నేనైతే వెంటనే ప్రత్యామ్నాయం చూసుకుంటాను. డబ్బు పంపే ఖాతా మారిందని మెసేజ్ వస్తే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగాకే పంపండి.

బ్యాలెన్స్ డబ్బులు ఎలా సర్దుకోవాలి?

ఎవరికి ఎంత, పని ముందా తర్వాతా, నగదా బ్యాంకు ద్వారానా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. బ్యాంకు ద్వారా అయితే మీ ఖాతా నుంచి రోజుకు ఎంత పంపవచ్చో ఈ వారమే చూడండి. కొత్తగా చేర్చిన ఖాతాకు మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులు ఉన్నాయి. కాబట్టి ఖాతాలను సోమవారమే చేర్చుకోండి. నగదు అయితే కవరు మీద పేరూ మొత్తమూ రాసి, పెళ్లిలో ముఖ్యపాత్ర లేని ఒక నమ్మకస్తుడి చేతికివ్వండి. ఇచ్చినట్టు మెసేజ్ అక్కడే తీసుకోవాలి.

చివరి సంఖ్య కేటరింగ్ వాళ్లకు చెప్పాం. ఇంకెవరికి చెప్పాలి?

కుర్చీలు, బల్లలు వేసేవారికి, వాటిని అలంకరించేవారికి, బల్లల మీద పేర్లు రాసే పని ఉంటే వారికి, అతిథులకు బండ్లు నడిపేవారికి. బల్లకు పదిమంది చొప్పున 240 మందికి 24 బల్లలు. నెల క్రితం 27 అని చెప్పి ఉంటే ఇప్పుడు తగ్గించాలి. లేకపోతే హాల్లో మూడు ఖాళీ బల్లలు కనిపిస్తాయి, వాటి పూలకూ డబ్బు పోతుంది. ఒక బల్ల మాత్రం మడిచి పక్కన ఉంచమనండి, అనుకోకుండా వచ్చినవాళ్లకు పనికొస్తుంది.

బస కోసం గదులు పట్టి ఉంచినట్టయితే, ఎవరూ తీసుకోని గదులను రుసుము లేకుండా ఎప్పటిలోగా వదులుకోవచ్చో అడగండి. ఆ గడువు చాలాచోట్ల వారం కంటే ముందే ముగుస్తుంది. ముగిసిపోతే ఆ గదులు దూరం నుంచి వచ్చే సంగీతం వాళ్లకో ఫోటోగ్రాఫర్‌కో ఇవ్వవచ్చు.

శుక్రవారం తర్వాత ఎవరైనా మార్పు చెబితే?

రాలేమంటే విని, జాబితాలో మార్చి ఊరుకోండి, వెండర్లకు చెప్పాల్సిన పని లేదు. వస్తామంటే రమ్మనండి. 231 కి 9 కలిపి పెట్టుకున్నది అలాంటివాళ్లకే. వెండర్ల నుంచి మార్పు వస్తే మాత్రం గంటల కాగితం తీసి, ఆ మార్పు ఇంకెవరి సమయం మీద పడుతుందో చూసి వాళ్లకు వెంటనే చెప్పాలి.

పెళ్లి రోజు ఈ జాబితా ఎవరి దగ్గర ఉండాలి?

పెళ్లివాళ్ల దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉండాలి. వెండర్లందరికీ శనివారం ఒక మెసేజ్ పంపండి: ‘రేపు ఏ అవసరమైనా ఈ నంబరుకు చేయండి.’ ఆ నంబరు గల మనిషి ఫోన్‌లో వెండర్లందరి సొంత నంబర్లూ పేర్లతో సహా ముందే ఉండాలి, తెలియని నంబరని ఫోన్ ఎత్తకపోయే ప్రమాదం ఉంది. గంటల కాగితాన్ని మూడు ప్రతులు తీసి ఒకటి ఆ మనిషికి, ఒకటి హాలు మేనేజర్‌కు, ఒకటి కేటరింగ్ వాళ్ల తరఫున వచ్చే పెద్దమనిషికి ఇవ్వండి. ఉదయం 6 దాటాక పది నిమిషాలకు డెకరేషన్ బండి గేటు దగ్గర లేకపోతే మొదటి ఫోన్ ఎవరు చేయాలో కూడా ఆ కాగితం మీదే రాసి ఉండాలి.